డైరెక్టరు పదవికి రాజీనామా: అమలు తేదీ ఎలా తేలుతుంది, ఆ తర్వాత దాఖలు చేయాల్సినవి ఏమిటి

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖను అందరూ లెక్కల మోసానికి ఒప్పుకోలుగానే గుర్తుపెట్టుకున్నారు. అది రాజీనామా లేఖ కూడా. కాకపోతే రాజీనామా ఏ తేదీ నుంచి అన్నది అందులో లేదు. ప్రస్తుత బోర్డును విస్తరించే వరకు మాత్రమే పదవిలో కొనసాగుతానని రాశారు. బోర్డును ఎవరు విస్తరిస్తారు, ఎప్పటికి విస్తరిస్తారు? ఈలోపు కంపెనీ చేసే సంతకాలకు బాధ్యుడు ఎవరు? కొద్దిరోజుల్లోనే కేంద్రం పాత బోర్డును పక్కనపెట్టి కొత్త సభ్యులను నియమించడంతో ఆ ప్రశ్నల అవసరం తీరిపోయింది. కానీ ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లుండే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఇలాంటి లేఖ రాస్తే కేంద్రం వచ్చి చిక్కు విప్పదు. ఐదేళ్ల తర్వాత ఒక చెక్కు కేసులోనో, పన్ను బకాయి నోటీసులోనో ఆ ఖాళీ బయటపడుతుంది.

అప్పట్లో అమల్లో ఉన్న 1956 కంపెనీల చట్టంలో మామూలు డైరెక్టరు రాజీనామాకంటూ ఒక సెక్షనే లేదు. డైరెక్టరు వెళ్లిపోయాడని రిజిస్ట్రార్‌కు చెప్పాల్సింది కంపెనీయే. అందుకు ఫారం 32 ఉండేది. కంపెనీ ఆ ఫారం వేయకపోతే, వెళ్లిపోయిన మనిషి ప్రభుత్వ రికార్డులో డైరెక్టరుగానే మిగిలేవాడు. 2013 చట్టంలోని 168వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఈ పరిస్థితి మారింది. రాజీనామా ఎప్పటి నుంచి చెల్లుతుందో చట్టమే ఒక్క వాక్యంలో చెప్పేసింది: నోటీసు కంపెనీకి అందిన తేదీ, నోటీసులో డైరెక్టరు పేర్కొన్న తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అది.

ఈ వాక్యంలో లేని తేదీలను కూడా గమనించాలి. లేఖ మీద వేసిన తేదీ లేదు. బోర్డు సమావేశమై తీర్మానం చేసిన తేదీ లేదు. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ పోర్టల్‌లో ఫారం ఎక్కిన తేదీ కూడా లేదు. వ్యవహారంలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని అమలు తేదీగా అనుకోవడం వల్ల వచ్చేవే.

బోర్డు ఆమోదం సంగతి ముందు చూద్దాం. ఉద్యోగి రాజీనామాకు యాజమాన్యం ఆమోదం కావాలన్న అలవాటులో పడి చాలామంది డైరెక్టర్లు ‘నా రాజీనామాను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను’ అని రాస్తారు. డైరెక్టరు రాజీనామా ఒకవైపు నుంచే పూర్తయ్యే చర్య. బోర్డు చేయాల్సిందల్లా దాన్ని నమోదు చేసుకోవడం. ఆమోదించం అని బోర్డు అన్నా అమలు ఆగదు. అలాగని విన్నపంగా రాసిన లేఖ ప్రమాదం లేనిదేమీ కాదు. ‘ఆమోదించిన నాటి నుంచి’ అని రాశారంటే, తేదీని నిర్ణయించే అధికారాన్ని డైరెక్టరు తన చేతులారా బోర్డుకు అప్పగించాడని అవతలి న్యాయవాది వాదించడానికి తావిచ్చినట్లే. ‘నాకు రావాల్సిన బకాయి తీర్చాక’, ‘కొత్త డైరెక్టరు వచ్చాక’ అని రాసినా ఇదే చిక్కు. లేఖలో క్యాలెండర్‌లో కనిపించే తేదీ ఉండాలి.

వెనక తేదీల సంగతి ఇంకా ముఖ్యం. కంపెనీ చిక్కుల్లో పడిందని తెలిశాక ‘రెండేళ్ల కిందటే రాజీనామా చేసినట్లు లేఖ రాసుకుందాం’ అనే సలహా ఊళ్లో ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. చట్టం దానికి దారి మూసేసింది. ఈరోజు కంపెనీకి అందిన లేఖలో రెండేళ్ల కిందటి తేదీ నుంచి అని ఉంటే, రెండు తేదీల్లో తర్వాతది ఈరోజు కాబట్టి రాజీనామా ఈరోజు నుంచే. పాత తేదీనే నిలబెట్టాలంటే నోటీసు అప్పుడే అందినట్లు కాగితం పుట్టించాలి. ఆ కాగితాన్ని ఫారంకు జతచేసి దాఖలు చేస్తే అది తప్పుడు ప్రకటన. 448వ సెక్షన్ కింద నేరం, శిక్ష మోసానికి వేసే 447వ సెక్షన్ ప్రకారం. పైగా ఈ రెండేళ్లలో ఆ డైరెక్టరు సంతకం చేసిన బ్యాలెన్స్ షీటు, హాజరైనట్లు మినిట్స్‌లో నమోదైన సమావేశాలు, డిజిటల్ సంతకంతో వెళ్లిన ఫారాలు అన్నీ పోర్టల్‌లోనే ఉంటాయి. వాటిని తీసి చూపించడానికి అవతలివాళ్లకు అరగంట చాలు.

తేదీని ఎంచుకోవడం

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ముగ్గురు డైరెక్టర్లు, అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. ముగ్గురిలో ఒకరు తప్పుకోవాలనుకున్నారు. మిగిలిన ఇద్దరితో మాటలు అంత బాగా లేవు. 2025 జూన్ 2న లేఖ రాసి, అదే రాత్రి కంపెనీ రికార్డుల్లో నమోదైన ఈమెయిల్‌కు స్కాన్ కాపీ పంపారు. మర్నాడు అసలు లేఖను రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టు చేశారు. పోస్టు జూన్ 6న చేరింది. లేఖలో ‘2025 జూన్ 15 పనివేళలు ముగిసినప్పటి నుంచి’ అని రాశారు.

ఆ తేదీ ఊరికే వేసింది కాదు. ‘తక్షణం’ అని రాసి ఉంటే అమలు తేదీ పూర్తిగా అందిన తేదీ మీద ఆధారపడేది. అప్పుడు ఈమెయిల్ జూన్ 2న చేరినట్లా, ఎవరూ తెరవలేదు కాబట్టి జూన్ 6నే చేరినట్లా అన్న వాదన మొదలవుతుంది. ఆ నాలుగు రోజుల్లో ఏదైనా జరిగితే ఆ వాదనకు విలువ కూడా వస్తుంది. పేర్కొన్న తేదీని పంపిన నాటికి పది పన్నెండు రోజుల అవతల పెట్టడం వల్ల అందిన తేదీ ఏదైనా పర్లేదు. జూన్ 2 అయినా, 6 అయినా, పోస్టు ఆలస్యమై 10 అయినా, వాటికంటే జూన్ 15 తర్వాతదే కాబట్టి అమలు తేదీ జూన్ 15గా స్థిరపడుతుంది.

అయితే మరీ దూరం జరపడమూ మంచిది కాదు. రాజీనామా సంగతి రిజిస్ట్రార్‌కు తెలపడానికి కంపెనీ తరఫున వేయాల్సిన DIR-12 ఫారంకు గడువు, డైరెక్టర్ల నియామక నిబంధనల్లోని 15వ నిబంధన ప్రకారం, నోటీసు అందినప్పటి నుంచి 30 రోజులు. అమలు తేదీ నుంచి కాదు. జూన్ 2న అందిన లేఖలో ఆగస్టు 31 అని ఉంటే, అమలుకు రాని రాజీనామాను జూలై 2 లోపు దాఖలు చేయాల్సిన వింత పరిస్థితి వస్తుంది. జరగని విషయాన్ని జరిగినట్లు ఫారంలో చెప్పలేరు. ఆగితే గడువు దాటిందన్న మాట పడుతుంది. 170వ సెక్షన్ మార్పు జరిగినప్పటి నుంచి 30 రోజులు అంటుంది కాబట్టి వాదించుకోవడానికి ఆధారం లేకపోలేదు గానీ, వాదన అవసరమే రాకుండా చూసుకోవడం తేలిక. పంపిన రోజుకు పదిరోజుల పైన, మూడు వారాల లోపు తేదీ వేస్తే రెండు చిక్కులూ తప్పుతాయి. వాటాదారుల ఒప్పందంలో మూడు నెలల నోటీసు ఇవ్వాలని రాసుకున్నవాళ్లు మాత్రం దాన్ని చూసుకోవాలి. ఆ గడువు పాటించకపోతే రాజీనామాను ప్రశ్నించడం కన్నా ఒప్పందం తప్పారంటూ పరిహారం అడిగే అవకాశమే ఎక్కువ.

లేఖ ఎవరికి, ఎక్కడికి అన్నది తర్వాతి మెట్టు. కంపెనీకి పత్రం అందజేయడం గురించి 20వ సెక్షన్ చెబుతుంది: రిజిస్టర్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు లేదా కొరియర్, లేదా అక్కడే స్వయంగా ఇవ్వడం, లేదా ఎలక్ట్రానిక్ పద్ధతి. మేనేజింగ్ డైరెక్టరు ఇంటికి పంపినదో, ఆయన సొంత వాట్సాప్‌లో పెట్టినదో కంపెనీకి అందినట్లు కాదనే వాదనకు బలం ఉంటుంది. చిన్న కంపెనీల్లో రిజిస్టర్డ్ ఆఫీసు అంటే ఎవరిదో పాత ఇల్లు. తాళం వేసి ఉంటుంది. పోర్టల్‌లో ఆరోజు కనిపించే చిరునామా చూసి, అదే అక్షరాలతో కవరు మీద రాయాలి. కవరు తిరిగొస్తే చించకూడదు. ‘తాళం వేసి ఉంది’, ‘తీసుకోలేదు’ అని తపాలా ఉద్యోగి రాసిన మాటే అక్కడ సాక్ష్యం. సరైన చిరునామాకు, రుసుము చెల్లించి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం మామూలుగా చేరే సమయానికి చేరినట్లే భావించాలన్న సూత్రం జనరల్ క్లాజెస్ చట్టంలో ఉంది. ట్రాకింగ్ పేజీ మాత్రం కొన్నాళ్లకు పోర్టల్‌లో కనిపించదు. చేరిన రోజే ప్రింటు తీసి దాచుకోవాలి.

ఒకే కవరు మీద ఆధారపడకుండా ఈమెయిల్, పోస్టు రెండూ వాడటం అందుకే. ఈమెయిల్‌ను మిగిలిన డైరెక్టర్లకు, కంపెనీ సెక్రటరీ ఉంటే ఆయనకు, ఆడిటర్‌కు కూడా కాపీ పెడితే ‘మాకు తెలియదు’ అనే మాట తర్వాత కష్టమవుతుంది.

లేఖలో ఉండాల్సినవి కొద్దే. కంపెనీ పేరు, కంపెనీ గుర్తింపు సంఖ్య అయిన సీఐఎన్, డైరెక్టరు పేరు, డైరెక్టరు గుర్తింపు సంఖ్య అయిన డిన్, ఏ పదవికి రాజీనామా, ఏ తేదీ నుంచి, కారణం, DIR-12 దాఖలు చేసి చలానా కాపీ పంపమన్న మాట. ‘ఏ పదవికి’ అన్నది తేలిగ్గా తీసుకునేది కాదు. మేనేజింగ్ డైరెక్టరు, పూర్తికాలపు డైరెక్టరు వంటివారు ఆ హోదాకు మాత్రమే రాజీనామా చేస్తున్నారా, డైరెక్టరు పదవికి కూడానా, ఉద్యోగానికి కూడానా అన్నది విడివిడిగా రాయాలి. ‘నా బాధ్యతల నుంచి తప్పుకుంటున్నాను’ అనే లేఖ చదివి హోదా తీసేసి డైరెక్టరుగా ఉంచేసిన కంపెనీలు ఉంటాయి. వాటాలు మాత్రం రాజీనామాతో పోవు. అది వేరే బదిలీ వ్యవహారం.

DIR-12 కంపెనీది, DIR-11 డైరెక్టరుది

మన ఉదాహరణలో కంపెనీ వైపు చూద్దాం. బోర్డు సమావేశానికి ఏడురోజుల నోటీసు కావాలి. జూన్ 20న మిగిలిన ఇద్దరు కూర్చుని తీర్మానం చేశారు. అక్కడే పొరపాటు జరిగింది. ‘రాజీనామాను నేటి నుంచి ఆమోదించడమైనది’ అని రాసి, DIR-12లో పదవి ముగిసిన తేదీగా జూన్ 20 వేశారు. రాయాల్సింది ‘2025 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చిన రాజీనామాను బోర్డు నమోదు చేసుకుంది’ అని.

ఐదురోజులేగా అనిపించవచ్చు. జూన్ 18న కంపెనీ ఒక సరఫరాదారుకు 8 లక్షల చెక్కు ఇచ్చిందనుకోండి. అది బౌన్స్ అయింది. చెక్కు కేసుల్లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 141వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన సమయానికి కంపెనీ వ్యవహారాలకు బాధ్యులైనవారు నిందితులవుతారు. సరఫరాదారు పోర్టల్ తెరిచి చూస్తే జూన్ 18 నాటికి ముగ్గురూ డైరెక్టర్లే. ముగ్గురికీ నోటీసు వెళుతుంది. తప్పుకున్న వ్యక్తి 168వ సెక్షన్ చూపించి చివరికి బయటపడవచ్చు, కానీ అందుకు కోర్టు మెట్లు ఎక్కాలి.

ఇలాంటి కేసుల్లో కోర్టు చూసేది ఏమిటో సుప్రీంకోర్టు తీర్పులు చెబుతాయి. 2011లో తేలిన ఒక కేసులో డైరెక్టరు 2004 మార్చి 2న రాజీనామా చేశారు. కంపెనీ రెండురోజుల్లోనే ఫారం 32 దాఖలు చేసింది. చెక్కుల మీద తేదీ ఏప్రిల్ 30. ప్రభుత్వ రికార్డులో ఉన్న ఆ పత్రాన్ని నమ్మి కోర్టు ఆ డైరెక్టరు మీద కేసు కొట్టేసింది. 2024లో తేలిన మరో కేసులో ఇద్దరు డైరెక్టర్లు 2013 డిసెంబరులో ఒకరు, 2014 మార్చి 12న ఒకరు తప్పుకున్నారు. చెక్కులు మార్చి 22వి. పదిరోజుల తేడాతో రెండో ఆయన కూడా బయటపడ్డారు. ఆ పదిరోజులను నిలబెట్టింది తేదీలు కచ్చితంగా ఉన్న రికార్డే. డైరెక్టరుగా ఉన్నప్పుడే తానే సంతకం చేసి, రాబోయే తేదీలు వేసి ఇచ్చిన చెక్కుల విషయం వేరు. సంతకం పెట్టిన వ్యక్తికి రాజీనామా అంత సులువైన రక్షణ కాదు. అందుకే లేఖ పంపేముందే అలాంటి చెక్కుల జాబితా తీసి, వాటిని వెనక్కి తీసుకోవడమో మార్పించడమో చేయాలి.

DIR-12కు రాజీనామా లేఖ, పదవి ముగిసినట్లు చూపే బోర్డు తీర్మానం కాపీ జతచేస్తారు. కంపెనీ తరఫున డిజిటల్ సంతకం మిగిలిన డైరెక్టర్లలో ఒకరిది కావాలి. ‘మీ డిజిటల్ టోకెన్ మా దగ్గరే ఉందిగా, దాంతోనే వేసేస్తాం’ అనే సౌకర్యం ప్రమాదకరమైనది. జూన్ 15న పదవి ముగిసిన మనిషి జూన్ 25న కంపెనీ తరఫున ఫారం మీద సంతకం చేసినట్లు తేలితే, ఆయన నిజంగా వెళ్లిపోయాడా అన్న అనుమానం ఆ ఫారం నుంచే మొదలవుతుంది. టోకెన్‌ను ఆడిటర్ ఆఫీసు నుంచి వెనక్కి తెచ్చుకోవడం రాజీనామాలో భాగమే.

ఖర్చు పెద్దదేమీ కాదు. మూలధనం 5 లక్షల నుంచి 25 లక్షల లోపు ఉన్న కంపెనీకి మామూలు రుసుము 400 రూపాయలు. గడువు దాటితే అదనపు రుసుము 30 రోజుల వరకు రెండింతలు, 60 వరకు నాలుగింతలు, 90 వరకు ఆరింతలు, 180 వరకు పదింతలు, ఆపైన పన్నెండింతలు. మన కంపెనీకి నోటీసు జూన్ 2నే అందింది కాబట్టి గడువు జూలై 2. ఆగస్టు 20న వేస్తే 49 రోజుల ఆలస్యం. 400కు తోడు 1,600, మొత్తం 2,000. అసలు దెబ్బ రుసుములో కాదు, 172వ సెక్షన్‌లో ఉంది. 50,000 రూపాయల జరిమానా, ఆలస్యం సాగితే రోజుకు 500 చొప్పున పెరుగుతూ కంపెనీకి 3 లక్షలు, బాధ్యులైన అధికారికి లక్ష దాకా పోవచ్చు. ఫారం వేయడానికి బద్ధకిస్తున్న పాత సహచరులకు ఈ సెక్షన్‌ను ఒక ఉత్తరంలో గుర్తుచేస్తే తరచుగా పని జరిగిపోతుంది.

ఇక డైరెక్టరు సొంతంగా వేసేది DIR-11. 2014లో ఇది తప్పనిసరి. 2017 సవరణ చట్టం ద్వారా 2018 మే నుంచి ఐచ్ఛికమైంది. ‘పంపాలి’ అన్నచోట ‘పంపవచ్చు’ వచ్చింది. ఐచ్ఛికం అన్నారని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కంపెనీతో సఖ్యత ఉండి, DIR-12 చలానా చేతికి వచ్చిందంటే DIR-11 లేకపోయినా నష్టం లేదు. సఖ్యత లేకపోతే మాత్రం ‘నేను ఫలానా తేదీన తప్పుకున్నాను’ అని ప్రభుత్వ రికార్డులో డైరెక్టరు స్వయంగా ఎక్కించగలిగేది ఈ ఒక్కటే. గడువు రాజీనామా నుంచి 30 రోజులు. మన ఉదాహరణలో జూన్ 15 నుంచి లెక్కిస్తే జూలై 15 దాకా ఉన్నా, లేఖ అందిన జూన్ 2 నుంచి లెక్కించుకుని జూలై 2 లోపు వేసేయడం క్షేమం. అయితే జూన్ 15 దాటాకే వేయాలి.

ఫారంలో కారణాలు వివరంగా అడుగుతారు. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలు సరిపోతాయి. కానీ లెక్కలు చూపించలేదనో, తెలియకుండా అప్పు తెచ్చారనో నిజంగా అభ్యంతరం ఉండి తప్పుకుంటుంటే, దాన్ని ఇక్కడ రాయకపోవడం తర్వాత బాధిస్తుంది. మూడేళ్ల తర్వాత ‘నాకు అప్పుడే అనుమానం వచ్చింది’ అంటే, అప్పుడు ఎందుకు రాయలేదని అడుగుతారు. రాసేది మాత్రం లేఖలోనూ ఫారంలోనూ ఒకటే కావాలి. లేఖ, పంపినట్లు రుజువు, కంపెనీ రసీదు ఇచ్చి ఉంటే అది జతచేయాలి. స్పీడ్ పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు ఇక్కడే అక్కరకొస్తాయి.

DIR-11 వేయడానికి డైరెక్టరు డిజిటల్ సంతకం గడువులో ఉండాలి, డిన్ చెల్లుబాటులో ఉండాలి. కేవైసీ చేయక డిన్ నిలిచిపోయినవారు ఆఖరి వారంలో ఈ సంగతి తెలుసుకుంటారు. ముందు DIR-3 KYC వేసి, 5,000 రూపాయలు కట్టి డిన్‌ను బతికించుకోవాలి. అమెరికాలో స్థిరపడి, అన్నదమ్ముల కంపెనీలో పేరుకు డైరెక్టరుగా ఉన్న తెలుగువాళ్లకు ఈ చిక్కు ఎక్కువ: డిజిటల్ సంతకం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది, ఓటీపీ వెళ్లే భారతీయ ఫోన్ నంబరు ఉండదు. లేఖ పంపేముందే ఈ రెండూ సరిచేసుకోవాలి. విదేశీ డైరెక్టరు విషయంలో, కంపెనీ అప్పటికే DIR-12 వేసి ఉంటే, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటుకో కంపెనీ సెక్రటరీకో రాతపూర్వకంగా అధికారమిచ్చి DIR-11 వేయించే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. కంపెనీ సహకరించనప్పుడు మాత్రం అది పనికిరాదు.

DIR-11 వేసినంత మాత్రాన పని పూర్తయిందనుకోకూడదు. కంపెనీ డైరెక్టర్ల జాబితాను మార్చేది DIR-12. డైరెక్టరు తన ఫారం వేసినా, కంపెనీ తనది వేసేవరకు పేరు ఆ జాబితాలో కనిపిస్తూ ఉండవచ్చు. అమలు తేదీకి నలభై రోజుల తర్వాత కంపెనీ మాస్టర్ డేటా తెరిచి చూడాలి. పేరు అలాగే ఉంటే DIR-11 చలానాతో కంపెనీకి మరో నోటీసు, ఆపైన రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు విజయవాడలో, తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్‌లో. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయడం మిగిలిన దారి.

పేరు మిగిలిపోతే ఏమవుతుందో 2017లో చాలామందికి తెలిసొచ్చింది. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు కంపెనీ లెక్కలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయకపోతే దాని డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ తిరిగి నియామకానికి అర్హులు కారని 164వ సెక్షన్ అంటుంది. ఆ ఏడాది కేంద్రం లక్షల సంఖ్యలో డైరెక్టర్లను అనర్హుల జాబితాలో పెట్టినప్పుడు, ఆ జాబితాకు ఆధారం పోర్టల్‌లో ఉన్న పేర్లే. నోటిమాటగా తప్పుకున్నవాళ్లు, లేఖ ఇచ్చి ఊరుకున్నవాళ్లు కూడా అందులో దొరికారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లిన అలాంటి పిటిషన్ల మీద తెలంగాణ హైకోర్టు 2019 జూలైలో తీర్పిచ్చి డిన్‌లను నిలిపేయడాన్ని తప్పుబట్టింది. ఊరట దొరికింది నిజమే, కానీ రెండేళ్లు పట్టింది.

ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే

ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. భార్యాభర్తలో, ఇద్దరు స్నేహితులో పెట్టుకున్న కంపెనీలో ఒకరు రాజీనామా చేస్తే కనీస సంఖ్య పడిపోతుంది. అందుకని రాజీనామా చెల్లదని 168వ సెక్షన్ ఎక్కడా అనలేదు. ఇబ్బంది అంతా మిగిలిపోయిన ఒక్కరిది. బోర్డు కోరం కనీసం ఇద్దరు. 174వ సెక్షన్ ప్రకారం ఆ ఒక్కరు చేయగలిగేవి రెండే పనులు: కోరం నిండేలా మరో డైరెక్టరును నియమించడం, లేదా వాటాదారుల సాధారణ సమావేశం పిలవడం. అప్పు తీసుకోవడం, బ్యాంకు సంతకాలు మార్చడం, లెక్కలు ఆమోదించడం వంటివి ఆ స్థితిలో చేస్తే వాటి చెల్లుబాటు మీదే ప్రశ్న వస్తుంది.

అందువల్ల ఇద్దరు డైరెక్టర్ల కంపెనీలో సరైన వరుస వేరు. ముందు కొత్త వ్యక్తికి డిన్, డిజిటల్ సంతకం తీసుకుని, DIR-2 సమ్మతిపత్రం రాయించి, ఇద్దరూ ఉన్న బోర్డులోనే అదనపు డైరెక్టరుగా నియమించాలి. ఆ తర్వాతి తేదీ నుంచి పాత డైరెక్టరు రాజీనామా అమల్లోకి రావాలి. ఒకే DIR-12లో నియామకం, నిష్క్రమణ రెండూ చూపించవచ్చు. వెళ్లే మనిషి సంవత్సరంలో 182 రోజులు భారత్‌లో ఉండే ఏకైక డైరెక్టరు అయితే, వచ్చే వ్యక్తి కూడా అలా ఇక్కడ ఉండేవారే కావాలి. ఎన్ఆర్ఐ కుటుంబాల కంపెనీల్లో ఇది తరచూ మరిచిపోతారు. అవతలివాళ్లు కొత్త మనిషిని తేకుండా నెలలు సాగదీస్తుంటే మాత్రం వెళ్లాలనుకున్న డైరెక్టరు వాళ్ల కోసం ఆగాల్సిన పనిలేదు. నోటీసు ఇచ్చి, తన తేదీకి తాను వెళ్లిపోవచ్చు. అందరూ ఒకేసారి రాజీనామా చేస్తే కొత్తవారిని నియమించే బాధ్యత ప్రమోటరు మీద, ఆయన లేకపోతే కేంద్రం మీద పడుతుంది.

ఫారాల తర్వాత మిగిలేవి

కంపెనీ తన డైరెక్టర్ల రిజిస్టర్‌లో తేదీతో నమోదు చేయాలి, తర్వాతి సాధారణ సమావేశంలో ఉంచే బోర్డు నివేదికలో రాజీనామా సంగతి చెప్పాలి, ఆ ఏడాది వార్షిక రిటర్నులో మార్పు చూపించాలి. ఈ మూడింటిలోనూ అదే తేదీ ఉండాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో డైరెక్టర్ల వివరాలు ప్రధాన వివరాల కిందకు వస్తాయి. మార్పు జరిగిన 15 రోజుల్లోపు సవరణ దరఖాస్తు పెట్టాలి. అంటే మన ఉదాహరణలో జూన్ 30. DIR-12 కంటే ఇదే ముందొస్తుంది, చాలా కంపెనీలు దీన్నే వదిలేస్తాయి. వెళ్లిన వ్యక్తి అధీకృత సంతకందారు కూడా అయితే, ఓటీపీలు ఆయన ఫోనుకే పోతూ ఉంటాయి, కంపెనీ రిటర్నులు ఆయన పేరుమీదే దాఖలవుతూ ఉంటాయి. బ్యాంకుకు కంపెనీ తీర్మానం వెళ్లేదాకా ఆగకుండా, డైరెక్టరే తన సంతకాధికారాన్ని నిలిపేయమని అమలు తేదీ నాడే బ్రాంచికి రాసి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి.

రాజీనామా ఏది తుడిచిపెట్టదో కూడా తెలిసి ఉండాలి. పదవిలో ఉన్న కాలంలో జరిగిన నేరాలకు రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని 168వ సెక్షనే చెబుతుంది. ప్రైవేట్ కంపెనీ నుంచి వసూలు కాని జీఎస్టీ, ఆదాయపు పన్ను బకాయిలకు ఆ కాలంలో డైరెక్టరుగా ఉన్నవారిని అడిగే అధికారం ఆ చట్టాల్లో ఉంది. తన నిర్లక్ష్యం వల్ల వసూలు ఆగిపోలేదని నిరూపించుకునే భారం డైరెక్టరుదే. అందుకే వెళ్లేముందు పదవీకాలం నాటి రిటర్నులు, మినిట్స్, తాను చెప్పిన అభ్యంతరాల ఈమెయిళ్లు కాపీ తీసుకోవాలి. వెళ్లిపోయాక అడిగితే ఇవ్వరు.

అన్నిటికంటే ఎక్కువగా అపార్థమయ్యేది వ్యక్తిగత హామీ. కంపెనీ అప్పుకు డైరెక్టరు తన పేరుతో బ్యాంకుకు రాసిచ్చిన గ్యారంటీ వేరే ఒప్పందం. DIR-12 వేసినా, DIR-11 వేసినా అది రద్దు కాదు. నిరంతరం సాగే గ్యారంటీ అయితే, ఇకముందు ఇచ్చే అప్పులకు తాను పూచీ కాదని బ్యాంకుకు నోటీసు ఇచ్చే హక్కు కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్‌లో ఉంది, గ్యారంటీ పత్రంలో దాన్ని వదులుకుంటూ రాసివ్వకపోతే. అప్పటికే ఉన్న అప్పుకు మాత్రం బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే విముక్తి. మామూలుగా బ్యాంకు బదులు హామీదారును అడుగుతుంది. కాబట్టి ఈ బేరం ముందే, లేఖ పంపకముందే, కంపెనీకి ఇంకా ఆ డైరెక్టరు సంతకంతో అవసరం ఉన్నప్పుడే తేల్చుకోవాలి.